వడ్లు తీసుకుని డబ్బు ఎగ్గొడితే అది నమ్మకద్రోహమా, మోసమా?

ప్రశ్న: మాది కోవూరు దగ్గర పల్లె. ఈ ఏప్రిల్‌లో మా నాన్న 40 పుట్ల వడ్లు పుట్టి 19,500 చొప్పున ఒక వ్యాపారికి ఇచ్చారు. ఫలానా మిల్లు తరఫున కొంటున్నానన్నాడు. 80 వేలు అడ్వాన్సు ఇచ్చి, మిగతా 7 లక్షలకు 15 రోజుల తర్వాతి తేదీ వేసి చెక్కు ఇచ్చాడు. చెక్కు తిరిగొచ్చింది. మనిషి ఫోన్ ఎత్తడం లేదు. స్టేషన్‌కి పోతే ఇది సివిల్ అంటున్నారు. మా బావ 406, 420 రెండూ పెట్టించమంటున్నాడు. అసలు ఏది వర్తిస్తుంది? మొదటి నుంచీ ఎగ్గొట్టే ఉద్దేశమే ఉందని ఎట్లా రుజువు చేయాలి?

జవాబు:

ముందు నంబర్ల సంగతి. 406, 420 పాత ఐపీసీ సెక్షన్లు. 2024 జూలై 1 నుంచి జరిగిన నేరాలకు భారతీయ న్యాయ సంహిత వర్తిస్తుంది. అందులో నేరపూరిత నమ్మకద్రోహం 316వ సెక్షన్, మోసం 318వ సెక్షన్. మామూలు నమ్మకద్రోహానికి 316(2) కింద 5 ఏళ్ల దాకా శిక్ష ఉంది, మోసం చేసి ఆస్తి రాబట్టుకుంటే 318(4) కింద 7 ఏళ్ల దాకా శిక్ష, జరిమానా.

మీరు రాసినదాన్ని బట్టి 316 నిలవదు. 318(4) నిలిచే అవకాశం ఉంది. అయితే 7 లక్షలు ఇవ్వలేదన్న ఒక్క కారణంతో కాదు. కేసంతా రెండు సంగతుల మీద ఆధారపడి ఉంది: మిల్లు తరఫున కొంటున్నానన్న మాట ఆ రోజుకి నిజమా అబద్ధమా అన్నది, ఆ చెక్కు ఇచ్చిన నాటికి ఆ ఖాతా ఏ స్థితిలో ఉందన్నది. ఎందుకో వరసగా చెబుతాను.

నమ్మకద్రోహం అన్న మాట వినగానే "నమ్మించి ద్రోహం చేశాడు కదా" అనిపిస్తుంది. మీ బావ అనుకున్నదీ అదే అయి ఉంటుంది. చట్టంలో ఆ మాటకు అర్థం అంత విశాలం కాదు. దానికి మొదట కావలసింది అప్పగింత. అంటే వస్తువు నీది కాదు, నాదే, నా కోసం నీ దగ్గర ఉంచు, లేదా నేను చెప్పిన పనికి వాడు అని ఇవ్వడం. ఇచ్చిన తర్వాత కూడా సొంతదారు ఇచ్చినవాడే. తీసుకున్నవాడు దాన్ని తన సొంతానికి వాడుకున్నప్పుడో, అమ్ముకున్నప్పుడో నేరం పుడుతుంది.

అమ్మకంలో ఇది ఉండదు. మీ కళ్లంలో ధర కుదిరి, కాటా పెట్టి, లారీకి ఎత్తిన క్షణాన ఆ వడ్లు వ్యాపారివైపోయాయి. డబ్బు తర్వాత ఇస్తానన్నా సరే, సరుకు మీద హక్కు మారిపోతుందని 1930 నాటి సరుకుల అమ్మకం చట్టం 20వ సెక్షన్ చెబుతుంది. తన వడ్లను తాను అమ్ముకున్నవాడు నమ్మకద్రోహి ఎట్లా అవుతాడు? మీ నాన్నగారికి అతని నుంచి రావలసింది వడ్లు కాదు, ధర. ధర బాకీ అవుతుంది గానీ అప్పగించిన సొత్తు కాదు.

సుప్రీంకోర్టు ఈ మాట ఎప్పుడో చెప్పింది. గుజరాత్ ప్రభుత్వం వర్సెస్ జస్వంత్‌లాల్ నథాలాల్ కేసులో (1968) ప్రభుత్వం ఒక నిర్మాణ పనికే వాడాలన్న షరతుతో సిమెంటు అమ్మింది, అది వేరేచోటికి మళ్లింది. అంత గట్టి షరతు ఉన్నా అది అమ్మకమే, అప్పగింత కాదు, కాబట్టి నమ్మకద్రోహం లేదు అన్నారు. మీ వ్యవహారానికి ఇంకా దగ్గరగా ఉండేది 2024 ఆగస్టులో వచ్చిన ఢిల్లీ రేస్ క్లబ్ తీర్పు. గుర్రాలకు దాణా, ఓట్స్ సరఫరా చేసినవాడికి 9 లక్షల చిల్లర బాకీ పడ్డారని 406, 420 కలిపి కేసు పెడితే దాన్ని కొట్టేశారు. అమ్మకంలో అప్పగింత లేదని చెప్పడంతో ఆగకుండా, ఒకే సంగతుల మీద నమ్మకద్రోహం, మోసం రెండూ కలిసి ఉండలేవని స్పష్టంగా రాశారు. మోసంలో కపటం ముందు, సరుకు చేతికి రావడం తర్వాత. నమ్మకద్రోహంలో సరుకు సక్రమంగా చేతికి రావడం ముందు, కపటం తర్వాత. ఒకే 40 పుట్ల మీద ఈ రెండూ ఒకేసారి నిజం కాలేవు. రెండూ పెట్టిస్తే బలం పెరుగుతుందనుకోవడం పొరపాటు. ఫిర్యాదుదారుకే తన కథ ఏదో తెలియదని ఎదుటి వకీలు హైకోర్టులో మొదటి పేజీలోనే రాస్తాడు.

అయితే మన జిల్లాలో వడ్ల వ్యవహారాలు అన్నీ ఇట్లా సూటి అమ్మకాలు కావు. నమ్మకద్రోహం నిజంగానే వర్తించేవి రెండు రకాలు ఉన్నాయి. మీ నాన్నగారిని ఒకసారి అడిగి, మీది వాటిలోకి రాదని తేల్చుకోండి.

ఒకటి, ధర పెరిగేదాకా గోడౌన్‌లో దాచడం. బస్తాలు లెక్కపెట్టి, మీ పేరు వేసి, అద్దె మాట్లాడుకుని, అడిగినప్పుడు ఆ వడ్లే తిరిగి ఇచ్చే ఒప్పందం మీద పెడితే అది అప్పగింత. గోడౌన్ యజమాని చెప్పకుండా అమ్ముకుంటే 316(3) వర్తిస్తుంది, 7 ఏళ్ల దాకా శిక్ష. చట్టంలోనే ఈ ఉదాహరణ ఉంది: ఊరికి పోతూ సామాను గిడ్డంగిలో పెట్టినవాడి సామాను గిడ్డంగివాడు అమ్ముకోవడం. కానీ చాలా చోట్ల జరిగేది వేరు. వడ్లు మిల్లులో దించుతారు, అందరి వడ్లతో కలిపి కుప్ప పోస్తారు, మిల్లువాడు ఆడించుకుంటాడు, రైతు తనకు నచ్చిన రోజు వచ్చి "ఈరోజు ధరకి లెక్క కట్టు" అంటాడు. మాటల్లో దీన్ని కూడా "దాచాం" అనే అంటారు. అయినా ఆడించుకునే హక్కు మిల్లుకి ఇచ్చారంటే, ఆ వడ్లే తిరిగి రావాలన్న మాట లేదంటే, కోర్టు దాన్ని ధర తర్వాత తేల్చుకునే అమ్మకంగా చూసే అవకాశమే ఎక్కువ. తేడా తెలిపేది చీటీ. అద్దె అని రాసి ఉందా, బస్తాల సంఖ్య ఉందా, "నిల్వకు" అని ఉందా, లేక ఉత్త తూకం, తేదీ మాత్రమే ఉన్నాయా చూడాలి.

రెండోది, దళారీ మీ తరఫున అమ్మిపెట్టడం. ఇక్కడ అతను కొనేవాడు కాదు. మీ వడ్లు మీవిగానే మిల్లుకి పోతాయి, మిల్లు ఇచ్చిన డబ్బు మీదిగానే అతని చేతికి వస్తుంది, అందులో తన కమిషన్ పట్టుకుని మిగతాది మీకు ఇవ్వాలి. ఇవ్వకుండా వాడేసుకుంటే అది నమ్మకద్రోహమే, పైగా 316(5) కింద. ఆ ఉపసెక్షన్‌లో ప్రభుత్వోద్యోగి, బ్యాంకరుతో పాటు బ్రోకరు, ఏజెంటు కూడా ఉన్నారు. శిక్ష 10 ఏళ్ల దాకా, యావజ్జీవం కూడా పడవచ్చు. కొనేవాడా, అమ్మిపెట్టేవాడా అని తేల్చడానికి మూడు ప్రశ్నలు చాలు. మిల్లు బిల్లు ఎవరి పేరున పడింది? లాభనష్టాలు ఎవరివి? లెక్కలో కమిషన్ అని విడిగా పట్టారా? మీ వ్యవహారంలో ధర 19,500 అని ముందే తెగింది, మిల్లులో ఎక్కువొచ్చినా తక్కువొచ్చినా మీకు సంబంధం లేదు. కాబట్టి అతను మీ దళారీ కాదు. అందుకే 316ని పక్కన పెట్టమంటున్నాను.

ఇక 318. దీనికి అప్పగింత అక్కర్లేదు, సొంతదారీ మారిపోయినా పర్లేదు. కావలసింది ఒక గొలుసు: అతను ఒక మాటతోనో పనితోనో మిమ్మల్ని వంచించాడు, ఆ వంచన వల్లే మీరు వడ్లు ఇచ్చారు, వంచించిన ఆ క్షణానికే అతని బుద్ధిలో కపటం ఉంది. మూడోదే కష్టం. చట్టం దీనికి నీలిమందు మొక్కల ఉదాహరణ ఇచ్చింది. ఒకడు నీలి మొక్కలు ఇస్తానని చెప్పి ముందుగా డబ్బు తీసుకుంటాడు. తీసుకునేటప్పుడే ఇచ్చే ఉద్దేశం లేకపోతే మోసం. తీసుకునేటప్పుడు ఇవ్వాలనే ఉండి, తర్వాత మాట తప్పితే మోసం కాదు, సివిల్ దావా మాత్రమే. డబ్బు తీసుకోవడమూ ఒకటే, మొక్కలు ఇవ్వకపోవడమూ ఒకటే. తేడా అంతా ఆ ఒక్క క్షణంలో ఉంది. స్టేషన్‌లో సివిల్ అంటున్నారంటే, మీ ఫిర్యాదులో ఆ క్షణం గురించి ఏమీ లేకపోవడం వల్ల కూడా అయి ఉండవచ్చు.

మనసులో ఉన్నది ఎవరూ చూడలేరు కాబట్టి కోర్టులు చుట్టూ ఉన్న సంగతుల నుంచి ఊహిస్తాయి. హృదయ రంజన్ ప్రసాద్ వర్మ కేసులో (2000) సుప్రీంకోర్టు చెప్పిన సూత్రాన్నే ఇప్పటికీ అందరూ వాడతారు. వాగ్దానం నాటి ఉద్దేశాన్ని తర్వాతి ప్రవర్తన నుంచి అంచనా వేయవచ్చు, కానీ తర్వాతి ప్రవర్తన ఒక్కటే కొలమానం కాదు. ఫోన్ ఎత్తకపోవడం తర్వాతి ప్రవర్తన. అప్పుల్లో మునిగినవాడు కూడా ఫోన్ ఎత్తడు. కాబట్టి దాన్ని మాత్రమే పట్టుకుంటే కేసు నిలవదు. మీరు వెతకాల్సింది ఏప్రిల్‌లో వడ్లు ఎత్తిన రోజుకో, దానికి ముందో ఉన్న సంగతులు, లేదా ఎత్తిన వెంటనే జరిగినవి. రోజులు గడిచేకొద్దీ మధ్యలో ఇంకో కారణం వచ్చి ఉంటుందనే వాదనకు చోటు పెరుగుతుంది.

1954 నాటి మహదేవ్ ప్రసాద్ కేసు చదివితే ఇది బాగా అర్థమవుతుంది. 25 తగరం దిమ్మెలు, సరుకు దించగానే నగదు ఇస్తానన్న మాట. సరుకు దిగింది. డబ్బు కోసం వచ్చిన మనిషిని కూర్చోబెట్టి కొన్నవాడు బయటికి వెళ్లిపోయాడు. ఆ సరుకును తన ఓవర్‌డ్రాఫ్ట్ ఉన్న బ్యాంకుకు తాకట్టు పెట్టేశాడు. నగదు ఇవ్వలేకపోవడం మోసం కాదని సుప్రీంకోర్టు ఆ తీర్పులోనే ఒప్పుకుంది. కానీ సరుకు చేతికి రాగానే ఏం చేశాడు, ఆ రోజు బ్యాంకులో అతని పరిస్థితి ఏమిటి అన్నవి చూసి, ఇచ్చే ఉద్దేశం మొదటే లేదని తేల్చి శిక్ష ఖాయం చేసింది. నిర్ణయించినది డబ్బు ఎగ్గొట్టడం కాదు, అదే సమయంలో అతని చేతలు.

ఇప్పుడు మీ 40 పుట్లకు ఇదే పద్ధతి పెట్టి చూద్దాం.

మొదటిది మిల్లు మాట. "15 రోజుల్లో డబ్బిస్తాను" అన్నది రేపటి గురించిన మాట. అది తప్పడాన్ని అబద్ధమని రుజువు చేయడం కష్టం. "నేను ఫలానా మిల్లు తరఫున కొంటున్నాను" అన్నది ఆ రోజుకి నిజమో అబద్ధమో తేలిపోయే మాట. మీ కేసుకి ఇదే వెన్నెముక. ఆ మిల్లుకి వెళ్లి, అతను వాళ్ల మనిషేనా, ఆ వారంలో అతనికి కొనమని చెప్పారా అని రాతపూర్వకంగా అడగండి. కాదంటే మోసం కేసుకు గట్టి పునాది. అవునంటే క్రిమినల్ కేసు నీరుగారుతుంది గానీ ఇంకో దారి తెరుచుకుంటుంది. ఏజెంటు చేసిన ఒప్పందానికి యజమాని బాధ్యుడు కాబట్టి 7 లక్షలు మిల్లునే అడగవచ్చు. రెండిట్లో ఏది తేలినా మీకు మేలే, కాబట్టి ఈ పని ముందు చేయండి. వ్యవసాయ మార్కెట్ కమిటీలో అతనికి ఆ సంవత్సరం లైసెన్సు ఉందా అన్నది కూడా కనుక్కోండి. లైసెన్సు లేకపోవడం ఒక్కటే మోసం కాదు, కానీ ఉందని అతను చెప్పి ఉంటే అదీ ఒక అబద్ధమే.

రెండోది చెక్కు. చెక్కు తిరిగి రావడం వేరు, ఎందుకు తిరిగొచ్చిందన్నది వేరు. బ్యాంకు ఇచ్చిన మెమోలో కారణం చూడండి. "నిధులు చాలవు" అని ఉంటే అది దానికదే మోసానికి రుజువు కాదు. తర్వాతి తేదీ వేసిన చెక్కు ఇవ్వడమంటేనే ఆ రోజు ఖాతాలో డబ్బు లేదని ఇద్దరికీ తెలుసునని వాదిస్తారు, ఆ వాదనలో బలం ఉంది. "ఖాతా మూసివేయబడింది" అని ఉంటే, ఎప్పుడు మూశారన్నదే కీలకం. ఏప్రిల్‌కి ముందే మూసిన ఖాతా చెక్కు ఇచ్చి ఉంటే అది ఎప్పటికీ చెల్లదని ఇచ్చిన క్షణానే అతనికి తెలుసు. దాని తర్వాత "ఇద్దామనే అనుకున్నాను" అన్న మాట నిలబడటం చాలా కష్టం. ఇచ్చిన తర్వాత మూసి ఉంటే అంత బలం ఉండదు. ఆ తేదీని బ్యాంకు మీకు చెప్పదు, దర్యాప్తు అధికారి నోటీసిచ్చి స్టేట్‌మెంట్ తెప్పించాలి. ఫిర్యాదులో ఆ కోరిక స్పష్టంగా రాయండి.

మూడోది, సరుకు ఎటు పోయింది. కోర్టులో బాగా పనికొచ్చేది ఇదే అయినా, ఎక్కువమంది వదిలేస్తారు. 40 పుట్లు అంటే నెల్లూరు పుట్టి 850 కిలోల లెక్కన 34 టన్నులు. అన్ని వడ్లు దాచినా దాగవు. లారీ నంబర్లు, వే బ్రిడ్జి చీటీలు, డ్రైవర్లు ఉంటారు. ఏ మిల్లులో దిగాయి, ఏ ధరకి, డబ్బు ఏ రోజు ఎవరి ఖాతాలో పడింది కనుక్కోండి. మీ దగ్గర పుట్టి 19,500 కి కొని, అదే రోజు 18,000 నగదుకు అమ్మాడనుకోండి. పుట్టికి 1,500 చొప్పున 60 వేల నష్టానికి ఏ వ్యాపారీ కావాలని అమ్మడు. కొన్నదానికి డబ్బు కట్టాలనుకునేవాడికి అది నష్టం. కట్టదలచుకోనివాడికి 7 లక్షల 20 వేలు చేతికొచ్చాయి, పోయింది 80 వేలు. ఈ లెక్కను ఫిర్యాదులో ఒక పేరాగా పెడితే మేజిస్ట్రేటుకు ఉద్దేశం గురించి వేరే వ్యాఖ్యానం అక్కర్లేదు. అదే సరుకు 20,000 కి అమ్ముడుపోయి, ఆ మిల్లు ఇతనికే డబ్బు ఆపి ఉంటే, అది మామూలు వ్యాపార బాకీ లాగే కనిపిస్తుంది. కాబట్టి దీన్ని ముందు మీరు నిజాయితీగా తెలుసుకోండి, తర్వాతే రాయండి.

నాలుగోది, మిగతా రైతులు. అదే వారంలో అదే మిల్లు పేరు చెప్పి, అదే తరహా చెక్కులతో పక్క ఊళ్లలో ఎవరెవరి దగ్గర ఎత్తాడో విచారించండి. ఒక్క రైతుకు ఎగ్గొడితే ఇబ్బంది అనుకోవచ్చు. ఐదుగురు రైతులకు ఒకే అబద్ధం చెప్పాడంటే అది పథకం. వాళ్లు విడివిడిగా ఇచ్చిన వాంగ్మూలాలు విలువైనవి. అందరికీ ఒకే వాక్యం రాసి సంతకాలు పెట్టించడం మాత్రం చేయవద్దు, క్రాస్ ఎగ్జామినేషన్‌లో అది కూలిపోతుంది.

అతని వైపు వాదనలు కూడా ముందే చూసుకోవాలి. గత రెండు మూడు పంటలకి మీ దగ్గరే కొని సరిగా కట్టి ఉంటే, ఈసారి మొదటే కపటం ఉందని చెప్పడం కష్టం. ఆ చరిత్ర ఉంటే దాచవద్దు. దాచారని తేలితే మీ మాట మొత్తం మీద అనుమానం పడుతుంది. 80 వేల అడ్వాన్సును అతను తన మంచి ఉద్దేశానికి సాక్ష్యంగా చూపిస్తాడు. 7 లక్షల 80 వేల వ్యవహారంలో 80 వేలు వడ్లు ఎత్తకముందు ఇచ్చి, ఎత్తిన తర్వాత రూపాయి కూడా ఇవ్వలేదంటే, అది నమ్మించడానికి వేసిన ఎర అని మీరు జవాబు చెప్పవచ్చు. ఎత్తిన తర్వాత కూడా విడతలుగా కడుతూ వచ్చి ఉంటే ఆ జవాబు పనికిరాదు. అలాగే, పెద్దమనుషుల్లో కూర్చుని ఆ 7 లక్షలకు వడ్డీతో ప్రామిసరీ నోటు రాయించుకున్నారా? రాయించుకుని ఉంటే సివిల్ దావాకు అది మంచిదే, కానీ మోసం కేసులో "వీళ్లే దీన్ని అప్పుగా ఒప్పుకున్నారు" అని ఎదుటివాళ్లు చూపిస్తారు. ఇంకా రాయించుకోకపోతే, వకీలుని అడగకుండా తొందరపడకండి.

ఫిర్యాదు రాసే తీరు గురించి. స్టేషన్లలో ఎక్కువగా కనిపించే ఫిర్యాదు ఇట్లా ఉంటుంది: "ఫలానావాడు మా వడ్లు తీసుకుని డబ్బు ఇస్తానని నమ్మించి ఇవ్వకుండా నమ్మకద్రోహం చేసి మోసం చేశాడు." ఇందులో తిట్లున్నాయి, సంగతులు లేవు. సెక్షన్లు మీరు రాయనక్కర్లేదు. సంగతులు జరిగిన వరసలో రాయండి. ఏ తేదీన, ఎవరి కళ్లంలో, ఎవరెవరు ఉండగా అతను ఏమన్నాడో అతని మాటల్లోనే పెట్టండి. తర్వాత ఈ ఒక్క వాక్యం తప్పకుండా ఉండాలి: అతను మిల్లు మనిషి కాదని గానీ, ఆ ఖాతా మూసేసిందని గానీ ఆ రోజు తెలిసి ఉంటే మా నాన్న వడ్లు ఇచ్చి ఉండేవారు కాదు. వంచనకూ వడ్లు ఇవ్వడానికీ మధ్య ముడి అదే. ఇది నిజమైతేనే రాయాలి. ఆ తర్వాత కాటా, లారీలు, చెక్కు నంబరు, ఏది అబద్ధమని ఏ తేదీన ఎవరి ద్వారా తెలిసిందన్నది. హైకోర్టులో కేసు కొట్టేయమని, క్రిమినల్ కేసుల విధానం చెప్పే నాగరిక్ సురక్షా సంహిత 528వ సెక్షన్ కింద అతను వెళితే, జడ్జి ముందు చూసేది ఈ కాగితమే. వాగ్దానం నాటి కపటం గురించి ఇందులో ఒక్క సంగతీ లేకపోతే అక్కడే ముగుస్తుంది, ఆ తర్వాత మీరు తెచ్చే సాక్ష్యాలకు చోటుండదు.

స్టేషన్‌లో "సివిల్" అన్నంత మాత్రాన దారి మూసుకుపోదు. ఇండియన్ ఆయిల్ వర్సెస్ ఎన్‌ఈపీసీ కేసులో (2006) సుప్రీంకోర్టు రెండు మాటలూ చెప్పింది. బాకీ వసూళ్ల కోసం సివిల్ తగాదాలకు క్రిమినల్ రంగు పూయవద్దంది. అదే తీర్పులో, ఒకే వ్యవహారంలో సివిల్ హక్కూ క్రిమినల్ నేరమూ రెండూ ఉండవచ్చని, సివిల్ దారి ఉందన్న కారణంతో క్రిమినల్ కేసు ఆగదని కూడా చెప్పింది. వ్యాపార లావాదేవీల్లో పోలీసులు ముందు ప్రాథమిక విచారణ చేయవచ్చని 2013 లలితా కుమారి తీర్పులో ఉంది, కాబట్టి విచారిస్తామంటే అభ్యంతరం పెట్టవద్దు. కానీ ఫిర్యాదు తీసుకోకుండా నోటిమాటతో పంపేస్తే, నాగరిక్ సురక్షా సంహిత 173(4) కింద అదే ఫిర్యాదును జిల్లా ఎస్పీకి రాతపూర్వకంగా, పోస్టులో పంపండి. రసీదు, అక్నాలెడ్జ్‌మెంట్ దాచండి. అక్కడా కదలకపోతే 175(3) కింద మేజిస్ట్రేటు దగ్గర దరఖాస్తు వేయవచ్చు. దానికి అఫిడవిట్ తప్పనిసరి, ఎస్పీకి పంపిన రుజువు కూడా జతచేయాలి. ఈ మెట్టు దాటేసి నేరుగా వెళ్లినవాళ్ల దరఖాస్తులు వెనక్కి వస్తాయి.

ఈ పనులు సాగుతుండగా చెక్కు గడువులు దాటిపోకుండా చూసుకోండి, ఎందుకంటే ఎక్కువమంది పోగొట్టుకునేది అక్కడే. నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 138వ సెక్షన్ కేసులో అతని ఉద్దేశం మొదట ఏమిటన్న గొడవే లేదు. చెక్కు తిరిగొచ్చినట్టు బ్యాంకు నుంచి తెలిసిన 30 రోజుల్లో స్పీడ్ పోస్టులో నోటీసు పంపాలి. అందిన 15 రోజుల్లో అతను కట్టకపోతే, ఆ గడువు ముగిసిన నెలలోగా కోర్టులో ఫిర్యాదు వేయాలి. నోటీసు గడువు ఇప్పటికే దాటిపోయి ఉంటే, చెక్కు మీద తేదీ నుంచి 3 నెలలు ఇంకా నిండలేదేమో చూడండి. నిండకపోతే మళ్లీ బ్యాంకులో వేసి, రెండోసారి తిరిగొచ్చాక నోటీసు ఇవ్వవచ్చు. ఈ కేసులో చెక్కు మొత్తానికి రెండింతల దాకా జరిమానా పడవచ్చు. నడుస్తుండగానే 20 శాతం మించకుండా మధ్యంతర పరిహారం ఇప్పించే అధికారం కూడా కోర్టుకుంది. మోసం కేసులో శిక్ష పడినా 7 లక్షలు వాటంతటవి చేతికి రావు.

సివిల్ దావాకు మూడేళ్ల గడువు. మీ వ్యవహారంలో డబ్బు కట్టాల్సిన 15వ రోజు నుంచి ఆ గడువు లెక్కలోకి వస్తుంది. మోసం కేసు నడుస్తోందని ఆ గడువు ఆగదు. కాబట్టి చెక్కు మెమో, కాటా చీటీలు, లారీ నంబర్లు, మిల్లు జవాబు, ఈ నాలుగూ రెండు సెట్లు తీసి, ఒకటి వకీలుకిచ్చి, ఒకటి మీ దగ్గర ఉంచుకోండి. అసలు మెమో, చెక్కు మాత్రం ఎవరికీ ఇవ్వకండి. స్టేషన్‌లో అడిగితే జిరాక్సు ఇవ్వండి, దర్యాప్తులో అసలు కావాలంటే స్వాధీన పంచనామా రాసి, దాని నకలు ఇచ్చాకే అప్పగించండి. 138 కేసు వేసే రోజున మెజిస్ట్రేటు ముందు ఆ అసలే చూపించాలి.